భంగార్‌కు పోబోయిన రేడియో

షోలాపూర్‌లో మా చాళ్‌లో ఉండే అక్క మొన్న నన్ను పిలిచింది. బావ పోయినంక అటక మీద ఉన్న చెక్క రేడియోను భంగార్ వాడు ఏడు వందలకు అడిగిండట. కొడుకేమో "ఇది బ్రిటిష్ కాలంది, యాభై వేలు వస్తది" అంటున్నడు. ఇద్దరి మాటా తప్పే. మిల్లులో పని చేసిన రోజుల్లో షిఫ్టు దిగినంక ఒక రేడియో షాపులో కూర్చుని పని నేర్చుకున్నోణ్ణి కాబట్టి, వెనక అట్ట విప్పి చూసిన.

పెట్టె చూసి వయసు చెప్పొద్దు. పెట్టెకు పాలిష్ కొత్తగా కొట్టొచ్చు, అట్ట మార్చొచ్చు. లోపల వాల్వులు ఎట్లున్నయో చూడాలె. 1940లలో వచ్చిన రేడియోల్లో వాల్వు కింద నల్లటి లావు అడుగు ఉంటది, దానికి ఎనిమిది లావు కాళ్లు. తర్వాత వచ్చినవి సన్నగా, మొత్తం గాజే, కింద తొమ్మిది సన్న సూదుల్లాంటి కాళ్లు. అక్క రేడియోలో అన్నీ తొమ్మిది కాళ్లవే. స్పీకర్‌ను నడిపే వాల్వు మీద ఈఎల్ 84 అని ఉంది. ఆ రకం 1950లలోనే మొదలైంది. అంటే ఈ రేడియో బ్రిటిష్ కాలంది కానే కాదు. వాల్వు తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అందుకే వాల్వు ఒక్కటే కాదు, అది కూర్చునే సాకెట్టు చూడాలె. తొమ్మిది బొక్కల సాకెట్టులో ఎనిమిది కాళ్ల వాల్వు పట్టదు. సాకెట్టు రేడియోతో పాటు పుట్టిందే.

ఇంకొకటి, ముందర పియానో మెట్లలాంటి బటన్లు, పచ్చగా వెలిగే కన్ను ఉన్నయి. 1960లు గడిచే కొద్దీ ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వు రేడియోలను పక్కకు నెట్టినయి. అందుకే దీన్ని 1955కూ 1965కూ మధ్య అని చెప్పిన. తర్వాత అక్క ట్రంకు పెట్టెలో రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. ఆ రోజుల్లో ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలె. మొదటి ముద్ర 1961ది!

ఇక ధర. అటక మీది నుంచి దించి ప్లగ్గు పెట్టినోడు రేడియోనే కాల్చుకుంటడు. ఏళ్లుగా పడి ఉంటే లోపలి కాగితం కెపాసిటర్లు కారిపోయి ఉంటయి. కొడుకు పెట్టబోతే ఆపిన. పాత ఫిలమెంటు బల్బును, ఎల్ఈడీ కాదు, వైరుకు వరుసలో కలిపి పెడితే భద్రం. బల్బు ఒక్కసారి మెరిసి మెల్లగా తగ్గితే సరే. తగ్గకుండా పూర్తిగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే తీసెయ్యాలె. అక్కదాంట్లో అట్లనే వెలిగింది. పవర్ వైపు డ్రమ్ము కెపాసిటర్ షార్టయింది. దాన్ని మార్చిన. దాంతోపాటు ఈఎల్ 84కు ముందున్న చిన్న కాగితం కెపాసిటర్ కూడా మార్చిన. అది కారితే ఆ వాల్వు మీద భారం పడి ఎర్రగా కాలి పోతది. సామానుకు ఆరు వందల యాభై, డయల్ తాడుకు యాభై. నా కూలి అక్క దగ్గర తీసుకోలె, బయట అయితే ఒక వెయ్యి అనుకోండి. లోపల చెయ్యి పెట్టేది తెలిసినోడే చెయ్యాలె, రెండు వందల యాభై వోల్టులకు పైన ఉంటది.

పని చెయ్యక ముందు పాత సామాన్ల షాపువాడు రెండు వేలు అన్నడు. గంట సేపు ఆగకుండా పాడినంక అదే మనిషి ఐదున్నర వేలు అన్నడు. ఖర్చు పోను రెండు వేలకు ఎక్కువ మిగిలింది. కానీ డయల్ గాజు పగిలినా, పెట్టెకు చెదలు పట్టినా, రిపేరు మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. కొనేవాళ్లు చూపుకే కొంటరు.

మీరు కొనేటోళ్లయితే ఒక పరీక్ష. వాల్వు వేడెక్కాలె, కాబట్టి స్విచ్చు వేసినంక పదిహేను ఇరవై సెకన్లు ఏమీ వినపడదు. వేసిన మరుక్షణం పాట వస్తే, లోపల చైనా బోర్డు పెట్టిండ్రు, వాల్వులు దీపాలే.

గ్రామఫోను సంగతి ఒక్క మాట. మెరిసే ఇత్తడి భోంగా, కుక్క బొమ్మ ఉన్నవి బజార్లో ఎక్కువగా కొత్తగా తయారు చేసినవే. పెట్టెలో మూసుకునే నల్ల హెచ్.ఎం.వి. 102 అయితే 1931 తర్వాతది. అది నడుస్తదా లేదా చూడాలంటే ప్లేటు కింద కాగితం ముక్క పెట్టి నిమిషానికి చుట్లు లెక్కించండి, 78 రావాలె. పూర్తి ప్లేటు ఒక వైపు అయిపోయే దాకా స్ప్రింగు తగ్గొద్దు. తగ్గితే లోపల గ్రీసు గడ్డ కట్టిందని బేరం తగ్గించండి.

అక్క రేడియో చివరికి పుణేవాడికి ఐదు వేల ఎనిమిది వందలకు పోయింది. అతనికి లైసెన్సు పుస్తకం కూడా కావాలె, వెయ్యి ఎక్కువ ఇస్తనన్నడు. అక్క ఇవ్వలె. అందులో బావ సంతకం ఉందంట. అతను ఫోన్లో ఫోటో తీసుకుని పోయిండు.