కాల్ అయిపోయింది, పాట ఏది?

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్న కారు. పాట చరణంలో పడేసరికి ‘మూడు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి’ అంటుంది మ్యాప్. పాట గొంతు తగ్గించుకుని, ఆ మాట పూర్తవగానే మళ్లీ అందుకుంటుంది. సూర్యాపేట దాటాక ఫోన్ మోగుతుంది. మాట్లాడి పెట్టేశాక పాట వస్తుందని ఎదురుచూస్తే, రాదు.

ఈ రెండింటి వెనకా ఒకే ఏర్పాటు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు ఆడియో ఫోకస్. శబ్దం వినిపించాలనుకునే యాప్ ముందుగా సిస్టమ్‌ను అడగాలి, ఏ పద్ధతిలో కావాలో కూడా చెప్పాలి. మ్యూజిక్ ప్లేయర్ ‘ఇక నా వంతు’ అని అడుగుతుంది. కాల్ వచ్చినప్పుడు ‘కాసేపు మిగతావాళ్లు ఆగండి’ అన్న కబురు వెళ్తుంది. మ్యాప్ కోరేది ఇంకా తక్కువ: ‘ఒక్క మాట చెప్పి వెళ్తాను, మీరు ఆగక్కర్లేదు, సౌండ్ తగ్గిస్తే చాలు.’

మొదట్లో ఈ తగ్గించే పని ప్లేయర్లే చేసుకునేవి. కొన్ని చేసేవి, కొన్ని చేసేవి కావు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి సిస్టమే తగ్గించి, సిస్టమే పెంచుతోంది. మాటల మీద మాటలు పడితే రెండూ అర్థం కావు కాబట్టి, తనది ప్రసంగమని ముందే చెప్పుకున్న యాప్‌ను మాత్రం తగ్గించదు. కబురు మాత్రం పంపుతుంది, ఆగే పని ఆ యాప్‌దే. పాట తగ్గే చోట పాడ్‌కాస్ట్ ఆగిపోవడానికి కారణం ఇదే.

చిక్కంతా ఆగిన తర్వాతే. కాల్ ముగిశాక సిస్టమ్ ‘నీ వంతు వచ్చింది’ అని చెబుతుందే తప్ప, తాను ప్లే నొక్కదు. ఆ పని ప్లేయర్‌దే. కాల్‌కు ముందు మీరే పాట ఆపి ఉంటే అది మొదలవ్వకూడదు కూడా, కాబట్టి ఎవరు ఆపారో అది గుర్తుపెట్టుకోవాలి. ఆ లెక్క తప్పినా, కాల్ సాగుతుండగా మెమరీ కోసం ఫోన్ ఆ ప్లేయర్‌ను మూసేసినా, కబురు అందుకునేవాళ్లుండరు. ఇంటర్నెట్ కాలింగ్ యాప్ ‘కాసేపు’ అనాల్సిన చోట ‘ఇక నా వంతు’ అని అడిగినా అంతే. వంతు పూర్తిగా పోయిన ప్లేయర్‌కు తిరిగి పిలుపు రాదు.

కారులో మరో మెలిక ఉంది. బ్లూటూత్‌లో పాటలది ఒక దారి, కాల్స్‌ది వేరే దారి. కాల్ అయ్యాక కారు పాటల దారికి మారకపోతే, ఫోన్‌లో పాట నడుస్తున్నట్టు కనిపిస్తుంది, స్పీకర్లలో మాత్రం వినపడదు.

తప్పు ఎక్కడుందో ఇంట్లోనే పట్టుకోవచ్చు. మామూలు కాల్ తర్వాత పాట వచ్చి, ఇంటర్నెట్ కాల్ తర్వాత రాకపోతే ఆ కాలింగ్ యాప్‌ను అనుమానించాలి. చిన్న కాల్ తర్వాత వచ్చి, అరగంట కాల్ తర్వాత రాకపోతే సెట్టింగ్స్‌లో ఆ ప్లేయర్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేసి చూడాలి. ఫోన్ స్పీకర్‌లో వచ్చి, కారులోనే రాకపోతే బ్లూటూత్ తెంపి మళ్లీ కలపాలి. అయితే ఇవన్నీ బండి ఆపాకే.