81 కాంబినేషన్లు, 9 టెస్టులు: ఫోన్ సెట్టింగ్స్‌ని జంటలుగా చెక్ చేయడం ఎలా?

కొత్త ఫోన్ రివ్యూ అంటే కెమెరా, బ్యాటరీ, గేమింగ్ అన్నీ చూస్తాం. కానీ ఆ టెస్టులు జరిగేటప్పుడు ఫోన్ ఎక్కువగా ఇంగ్లిష్‌లో, మామూలు అక్షరాల సైజులో, కంపెనీ ఇచ్చిన సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. అదే ఫోన్ తెల్లాపూర్‌లో పిల్లల దగ్గర ఉండడానికి వచ్చిన ఏ అమ్మానాన్నల చేతికో వెళ్లిందనుకోండి. మొదట మార్చేవి రెండే: భాష తెలుగు, అక్షరాలు పెద్దవి. సరిగ్గా అక్కడే బటన్ మీద పేరు సగం తెగిపోయి, ఏది నొక్కాలో తెలియకుండా పోతుంది.

విడివిడిగా చూస్తే తెలుగు బాగానే ఉంటుంది, పెద్ద అక్షరాలూ బాగానే ఉంటాయి. రెండూ కలిస్తేనే తేడా కొడుతుంది. ఇలాంటి జంట తప్పుల్ని తక్కువ టెస్టులతో పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు పెయిర్‌వైజ్ టెస్టింగ్.

నాలుగు ఆప్షన్లకే 81

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నాలుగు ఆప్షన్లే తీసుకుందాం. భాష: ఇంగ్లిష్, హిందీ, తెలుగు. అక్షరాలు: చిన్న, మామూలు, పెద్ద. థీమ్: లైట్, డార్క్, ఆటో. రిఫ్రెష్ రేట్: 60, 120, ఆటో. ఒక్కోదానికి మూడు విలువలు కాబట్టి మొత్తం 3 × 3 × 3 × 3, అంటే 81 కాంబినేషన్లు. ప్రతి కాంబినేషన్‌లో సెట్టింగ్స్ పేజీ, డయలర్, నోటిఫికేషన్లు, మెసేజ్‌లు తెరిచి చూడటానికి 5 నిమిషాలు వేసుకున్నా 6 గంటల 45 నిమిషాలు పడుతుంది. ఆప్షన్ పెరిగిన కొద్దీ ఈ లెక్క రెండింతలు, మూడింతలు అవుతూ పోతుంది.

ఇప్పుడు ప్రశ్న మార్చుదాం. అన్ని కాంబినేషన్లూ వద్దు, ఏ రెండు ఆప్షన్లు తీసుకున్నా వాటి విలువల జంటలన్నీ కనీసం ఒక్కసారి టెస్టులోకి వస్తే చాలు అనుకుందాం. నాలుగు ఆప్షన్లలోంచి రెండేసి చొప్పున 6 రకాలుగా ఎంచుకోవచ్చు. ఒక్కో రకంలో 9 జంటలు. మొత్తం 54 జంటలు. ఒక్క టెస్టు ఒకేసారి 6 జంటల్ని కవర్ చేస్తుంది. అంటే సరిగ్గా అమర్చగలిగితే 54 ÷ 6 = 9 టెస్టులు సరిపోవాలి. నిజంగానే సరిపోతాయి:

1. ఇంగ్లిష్, చిన్న, లైట్, 60
2. ఇంగ్లిష్, మామూలు, డార్క్, 120
3. ఇంగ్లిష్, పెద్ద, ఆటో, ఆటో
4. హిందీ, చిన్న, డార్క్, ఆటో
5. హిందీ, మామూలు, ఆటో, 60
6. హిందీ, పెద్ద, లైట్, 120
7. తెలుగు, చిన్న, ఆటో, 120
8. తెలుగు, మామూలు, లైట్, ఆటో
9. తెలుగు, పెద్ద, డార్క్, 60

కావాలంటే ఏదైనా జంట అనుకుని వెతికి చూడండి. 'డార్క్, 120' రెండో వరుసలో ఉంది. 'హిందీ, లైట్' ఆరులో ఉంది. ప్రతి జంటా ఒక్కసారే వస్తుంది, ఏదీ మిస్ కాదు. దాదాపు ఏడు గంటల పని 45 నిమిషాలకు దిగింది.

ఈ పట్టిక వెనుక మన తెలుగాయన

ఇలాంటి పట్టికల్ని ఆర్తోగొనల్ అర్రేలు అంటారు. 1940లలో వీటిని గణితంలోకి తెచ్చింది కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరూ సి.ఆర్. రావు అని పిలిచే స్టాటిస్టీషియన్. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివారు, తర్వాత కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో చనిపోయారు. తెల్లాపూర్ నుంచి సిటీ వైపు వస్తే తగిలే హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో ఒక పరిశోధనా సంస్థ ఉంది. ఆ యూనివర్సిటీ పక్కనుంచి పోయే ఒక రోడ్డుకూ ఆయన పేరే.

రావు గారికి అప్పట్లో ఫోన్లు కాదు, ప్రయోగాలు ముఖ్యం. ఎరువు, విత్తనం, నీళ్లు లాంటి చాలా అంశాల్ని ఒకేసారి మారుస్తూ, తక్కువ ప్రయోగాలతో ఏది ఎంత పని చేస్తోందో తేల్చాలి. అందుకు ప్రతి జంటా సమానమైన సార్లు రావాలి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. తర్వాత జపాన్ ఇంజినీర్ గెనిచి టగుచి ఈ పట్టికల్ని ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లారు. పైన చూసిన తొమ్మిది వరుసల పట్టికను ఇంజినీర్లు ఎల్9 అంటారు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి వచ్చేసరికి రూల్ కొంచెం వదులవుతుంది. ఇక్కడ పోలిక అక్కర్లేదు, తప్పు బయటపడితే చాలు. అందుకని జంట సమానమైన సార్లు రానవసరం లేదు, కనీసం ఒక్కసారి వస్తే సరి. ఇలాంటి పట్టికను కవరింగ్ అర్రే అంటారు. ఈ వదులు ఎందుకు ముఖ్యమో బ్యాటరీ సేవర్ దగ్గర తెలుస్తుంది.

తొమ్మిదో టెస్టు ఫెయిలైతే?

మొదటి ఎనిమిదీ పాసై, తొమ్మిదో దాంట్లో బటన్ మీద 'కాంట్రాస్ట్' అన్న మాట కింద వత్తులు తెగిపోయాయనుకుందాం. దోషం ఎవరిది?

తెలుగు ఒక్కదానిదే అయితే 7, 8 కూడా ఫెయిలవ్వాలి, అవి పాసయ్యాయి. పెద్ద అక్షరాలదే అయితే 3, 6 ఫెయిలవ్వాలి. డార్క్‌దైతే 2, 4. రిఫ్రెష్ రేట్ 60 వల్ల అయితే 1, 5. ఏదీ కాలేదు కాబట్టి ఒక్క సెట్టింగ్ తప్పు కాదు, ఏదో కలయికది.

ఇప్పుడు తొమ్మిదో వరుసలో ఒక్కొక్కటే మార్చి చూడండి. థీమ్ లైట్ చేశాం, తప్పు అలాగే ఉంది. రేట్ 120 చేశాం, అలాగే ఉంది. అక్షరాలు మామూలు చేశాం, తప్పు పోయింది. సైజు మళ్లీ పెద్దది చేసి భాష ఇంగ్లిష్‌కి మార్చాం, అప్పుడూ పోయింది. నాలుగు అదనపు టెస్టులతో దొంగ దొరికాడు: తెలుగు, పెద్ద అక్షరాలు కలిసిన జంట.

కారణం కూడా ఊహించొచ్చు. తెలుగులో వత్తులు లైను కిందికి దిగుతాయి, గుణింతాలు పైకి లేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపడేలా బటన్ పెట్టె ఎత్తు ఫిక్స్ చేసేస్తే, మామూలు సైజులో తెలుగు ఎలాగో ఇరుక్కుంటుంది. సైజు పెంచగానే అడుగు తెగుతుంది. కంపెనీకి కంప్లయింట్ పెట్టేటప్పుడు 'తెలుగు సరిగా రావడం లేదు' అనే బదులు 'తెలుగు, పెద్ద అక్షరాలు కలిస్తేనే, థీమ్‌తో సంబంధం లేకుండా' అని రాస్తే డెవలపర్ వెంటనే ఆ తప్పును తన ఫోన్‌లో చూడగలడు.

బ్యాటరీ సేవర్ పెట్టే తిరకాసు

ఐదో ఆప్షన్‌గా బ్యాటరీ సేవర్ ఆన్, ఆఫ్ కలుపుదాం. కాంబినేషన్లు 162 అవుతాయి. కానీ చాలా ఫోన్లలో సేవర్ ఆన్ చేస్తే రేట్ 60కి లాక్ అయిపోతుంది. అంటే సేవర్ ఆన్‌తో 120 గానీ ఆటో గానీ రావడం కుదరదు, 162లో 54 అసలు ఉండవు.

ఇక్కడ చాలామంది చేసే పని, కుదరని వరుస వస్తే దాన్ని కొట్టేయడం. అలా చేస్తే ఆ వరుసలో ఉన్న మిగతా మంచి జంటలు కూడా పోతాయి. ఎల్9లో ప్రతి జంటా ఒక్కసారే ఉంటుంది కాబట్టి పోయింది ఇంకెక్కడా దొరకదు.

సరైన దారి ఏంటంటే, రేట్ 60 ఉన్న వరుసల్లోనే సేవర్ ఆన్ చేయడం. అవి 1, 5, 9. వాటిలో మూడు భాషలూ, మూడు సైజులూ, మూడు థీమ్‌లూ ఉన్నాయి, కాబట్టి సేవర్ ఆన్‌కి అన్నిటితో జత కుదిరింది. మిగతా ఆరింటిలో సేవర్ ఆఫ్. ఒక్క జంటే మిగిలింది: సేవర్ ఆఫ్, రేట్ 60. మొదటి వరుసనే సేవర్ ఆఫ్ చేసి పదో టెస్టుగా కలిపితే అదీ అయిపోయింది. కొన్ని జంటలు రెండుసార్లు వచ్చాయి, అయినా పర్లేదు. కవరింగ్ అర్రే ఇచ్చే వెసులుబాటు ఇదే.

ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ఫోన్లలో సేవర్ ఆన్ చేస్తే థీమ్ కూడా తనంతట తనే డార్క్‌కి మారుతుంది. అప్పుడు మొదటి వరుసలో మన కాగితం మీద 'లైట్' అని ఉంటుంది, స్క్రీన్ మీద డార్క్ ఉంటుంది. 'ఇంగ్లిష్, లైట్' టెస్ట్ చేశామని టిక్ పెడతాం గానీ నిజానికి చేయలేదు. ఐదో వరుసలో ఆటో థీమ్‌కీ ఇదే గతి. మొదటి వరుస ఆఫ్ రూపంలో పదోదిగా ఎలాగూ ఉంది. ఐదో వరుసను కూడా ఆఫ్ చేసి పదకొండోదిగా కలిపితే నష్టం పూడుతుంది. ఈ తప్పు పట్టుకోవడానికి సులువైన అలవాటు ఒకటే: అన్ని ఆప్షన్లు పెట్టాక, టిక్ పెట్టేముందు సెట్టింగ్స్‌లోకి మళ్లీ వెళ్లి అవి నిజంగా అలాగే ఉన్నాయో లేదో చూడాలి.

చేత్తో కుదరకపోతే

పది, ఇరవై ఆప్షన్లు ఉంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత టూల్ పిక్ట్ వాడొచ్చు. మన సెట్టింగ్స్‌ని `settings.txt` ఫైల్‌లో ఇలా రాస్తాం:

```
LANG: en, hi, te
FONT: small, default, large
THEME: light, dark, auto
RATE: hz60, hz120, auto
SAVER: on, off

IF [SAVER] = "on" THEN [RATE] = "hz60";
```

తర్వాత `pict settings.txt` అని కొడితే టెస్టుల లిస్టు వస్తుంది. చివరి లైను లాక్ రూల్. అది రాస్తే కుదరని వరుసలు రావు, మంచి జంటలూ పోవు. సేవర్ థీమ్‌ని కూడా మార్చే ఫోన్ అయితే అలాంటి లైను ఇంకొకటి కలపాలి.

జంటలతో ఎంతవరకు?

మూడు సెట్టింగ్స్ కలిస్తేనే వచ్చే తప్పును ఈ పద్ధతి గ్యారంటీగా పట్టుకోదు. మన నాలుగు ఆప్షన్లలో ముగ్గురేసి కలయికలు 108. తొమ్మిది టెస్టులు వాటిలో 36 మాత్రమే చూస్తాయి, అంటే మూడో వంతు.

మరి జంటలు సరిపోతాయా? అది దేన్ని టెస్ట్ చేస్తున్నామో దాన్నిబట్టి ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టి పరిశోధకులు నిజమైన తప్పుల రికార్డులు పరిశీలించారు. వైద్య పరికరాల్లో 97 శాతం తప్పులు ఒకటి లేదా రెండు అంశాలతోనే బయటపడేవి. మొజిల్లా బ్రౌజర్‌లో మాత్రం అది 76 శాతమే. అదే సంస్థ 2010 గైడ్‌లో ఆండ్రాయిడ్ ఉదాహరణ ఉంది: కీబోర్డ్, స్క్రీన్ సైజు లాంటి 9 సెట్టింగ్స్, మొత్తం 1,72,800 కాంబినేషన్లు. జంటలకు 29 టెస్టులు సరిపోయాయి. ముగ్గురేసికి 137 కావాలి. పిక్ట్‌లో అయితే చివర `/o:3` కలిపితే ముగ్గురేసి లిస్టు వస్తుంది.

కాబట్టి చేత్తో చేసే చెకింగ్‌కి జంటలు, ఆటోమేటిక్‌గా నడిపే టెస్టులకు ముగ్గురేసి పెట్టుకోవడం మంచిది. ఏది ఎంచుకున్నా, విలువల లిస్టులో 'తెలుగు' లేకపోతే ఏ పట్టికా దాన్ని కలపలేదు. తర్వాతి అప్‌డేట్ వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఆ తొమ్మిదో వరుసతోనే మొదలుపెట్టండి.