ఎక్కడా కలపని తీగలో 70 వోల్టులు

సీలింగ్ ఫ్యాన్ విప్పేశారు. స్విచ్ ఆపి ఉంది. పైన వేలాడుతున్న ఫేజ్ తీగకూ న్యూట్రల్‌కూ మధ్య డిజిటల్ మల్టీమీటర్ పెడితే 70 వోల్టులు! తీగ ఎక్కడో తగులుతోందని గోడ పగలగొట్టించే ముందు కాస్త ఆగాలి.

ఆ తీగ ఒకే పైపులో మరో లైవ్ తీగ పక్కనే కొన్ని మీటర్లు నడిచింది. రెండు రాగి తీగలు, మధ్యన ప్లాస్టిక్ తొడుగు: అదే ఒక చిన్న కెపాసిటర్. దాని విలువ 100 పికోఫారడ్లు అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 32 మెగా ఓమ్‌ల అడ్డంకి. పక్క తీగలో కరెంటు పారకపోయినా, అందులో వోల్టేజీ ఉంటే చాలు, ఈ దారిన మైక్రోఆంపియర్లు దాటుతాయి. మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు కాబట్టి, 230 వోల్టుల్లో సుమారు 70 దాని మీదే పడతాయి. మీటరు అబద్ధం చెప్పడం లేదు. ఆ వోల్టేజీ వెనుక బలం లేదంతే.

తేల్చుకోవడానికి పాతకాలపు ఫిలమెంట్ టెస్ట్ ల్యాంప్ లేదా మీటరులోని LoZ అమరిక వాడాలి. కొన్ని కిలో ఓమ్‌ల భారం పడగానే దొంగ వోల్టేజీ సున్నాకు జారుతుంది, అసలుదైతే నిలుస్తుంది. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు, అంత కొద్ది కరెంటుకే మినుకుమనవచ్చు. సున్నా వచ్చినా, అదే ల్యాంపును కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూశాకే తీగ ముట్టుకోవాలి.