డెక్‌కి చేరే మూడు బైట్లు

డబ్బింగ్‌లో ఒక డైలాగు ఒక్కసారికే ఓకే అవడం అరుదు. లూప్ మొదటికి వెళ్లాలి, బొమ్మ మళ్లీ నడవాలి, పెదవి కదిలే చోట మాట పడాలి. బొమ్మ వీడియో టేప్ మీద ఉన్న కాలంలో ఈ వెనక్కీ ముందుకీ నడిపే పనంతా ఒక సన్నటి కేబుల్ మోసేది. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ పోస్ట్ ప్రొడక్షన్ గదుల్లో పని తెలిసినవాళ్లు దాన్ని నైన్ పిన్ అంటారు. అది సోనీ తన వీడియో డెక్‌ల కోసం పెట్టిన సీరియల్ భాష. ఆర్‌ఎస్-422 తీగల మీద సెకనుకు 38,400 బిట్ల వేగంతో నడుస్తుంది. ప్లే నొక్కితే తీగలో వెళ్లేవి మూడే బైట్లు: 20 01 21. వీటిని హెక్స్ అంకెల్లో చదవాలి. మొదటి బైట్‌లోని 2 టేప్ నడకకు సంబంధించిన గుంపు, దాని పక్క సున్నా వెంట వచ్చే డేటా బైట్ల సంఖ్య. రెండో బైట్ అసలు ఆదేశం, మూడోది ముందు రెండింటి కూడిక. స్టాప్‌కి 20 00, ఫాస్ట్ ఫార్వర్డ్‌కి 20 10, రివైండ్‌కి 20 20. ఆదేశం అందిన డెక్ 9 మిల్లీసెకన్లలోపు జవాబివ్వాలి.

అవతలి కొసన ఉన్న ప్రోగ్రామ్ ఆ రెండో బైట్ చూసి తన పని ఏదో ఎలా తేల్చుకుంటుందన్నదే ఇక్కడి విషయం. డెక్‌లా ప్రవర్తించే చిన్న పెట్టెను 8052 చిప్‌తో, అసెంబ్లీలో తయారుచేస్తున్నారనుకుందాం. ఎవరికైనా ముందు తోచేది వరసగా అడగడం: ఇది 00 ఆ? కాదు. 01 ఆ? కాదు. 02 ఆ? ముప్పై ఆదేశాలుంటే ముప్పై పోలికలు, ముప్పై బ్రాంచ్‌లు. రెండో దారిలో పోలికలుండవు. వచ్చిన అంకెనే చిరునామాగా వాడుకుని తిన్నగా ఆ పని దగ్గరికి దూకుతాం. అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపూ తట్టి అడగకుండా, ఫ్లాట్ నంబర్ చూసుకుని నేరుగా వెళ్లినట్టు. ఈ ఊహ పాతదే. 1957లో ఐబీఎం 704 కోసం వచ్చిన ఫోర్ట్రాన్‌లోనే, ఒక అంకెను బట్టి కొన్ని గమ్యాల్లో ఒకదానికి మళ్లించే గోటూ ఉంది. 1960ల మధ్యలో టోనీ హోర్ దాన్ని కేస్ అనే చక్కని రూపంలోకి తెచ్చాడు. 1980లో ఇంటెల్ 8051 తెచ్చినప్పుడు ఈ పనికి సరిగ్గా సరిపోయే ఆదేశాన్ని చిప్‌లోనే పెట్టింది.

```
        MOV  A, CMD2
        CJNE A, #40H, CHK
CHK:    JNC  BAD
        RL   A
        MOV  DPTR, #TAB
        JMP  @A+DPTR
TAB:    AJMP STOP
        AJMP PLAY
        AJMP REC
        AJMP BAD
```

పట్టిక ఇలాగే 64 గడుల దాకా సాగుతుంది. ఒక్కో `AJMP` రెండు బైట్లు కాబట్టి `RL` అంకెను రెట్టింపు చేస్తుంది. మొత్తం పట్టిక 128 బైట్లు.

ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ముందుగా చెప్పేది వేగం. ఆ వాదన ఇక్కడ నిలవదు. 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఈ చిప్‌కి ఒక సైకిల్ 1.085 మైక్రోసెకన్లు. పై కోడ్ గమ్యం చేరడానికి 12 సైకిళ్లు, అంటే దాదాపు 13 మైక్రోసెకన్లు పడుతుంది. పోలికల వరసలో ఒక్కో మెట్టుకి రెండు సైకిళ్లు, కాబట్టి మొదటి ఐదు ఆదేశాల వరకు వరసే ముందు చేరుతుంది. ముప్పయ్యోదానికి సుమారు 66 మైక్రోసెకన్లు. ఒక్క బైట్ తీగలో రావడానికే 286 మైక్రోసెకన్లు పట్టేచోట, జవాబుకి 9 మిల్లీసెకన్ల గడువున్నచోట, ఆ తేడాను ఏ సౌండ్ ఇంజనీరూ పసిగట్టలేడు. తరచూ వచ్చే ఆదేశాలను వరస మొదట్లో పెడితే సరిపోతుంది కదా అనేవాళ్ల మాట కూడా ఈ లెక్కలో న్యాయమైనదే.

నేను పట్టిక వైపు నిలబడేది వేరే కారణానికి. పోలికల వరసలో మనం రాసిన ఆదేశాలే ఉంటాయి, రాయనివాటికి ఉనికే ఉండదు. పట్టికలో ప్రతి అంకెకీ ఒక గడి ఉంటుంది, ఆ గడిలో ఏదో ఒకటి రాయక తప్పదు. 03 అనే ఆదేశం మనకు లేదు, అయినా దాని గడిలో `AJMP BAD` రాయాల్సి వచ్చింది. `BAD` చేసే పని కూడా స్పష్టం: తెలియని ఆదేశమని చెప్పే 11 12 01 24 తిరిగి పంపుతుంది. వరస చివర కూడా ఆ జవాబు పెట్టొచ్చు, నిజమే. అయితే మధ్యలో ఎక్కడైనా ఒక పని ముగింపులో బ్రాంచ్ మరిచిపోతే నడక కింది పనిలోకి జారిపోతుంది. నడుమ ఒక పనిలో కోడ్ పెరిగితే `CJNE` దూకగలిగే 127 బైట్ల హద్దు దాటి, అసెంబ్లర్ తప్పు చూపిస్తుంది. దాన్ని సరిచేయడానికి మధ్యలో మరో జంప్, దాని కోసం ఇంకోటి. పట్టికలో కొత్త ఆదేశం చేర్చడమంటే ఒక్క గడిలో `BAD` తీసేసి కొత్త పేరు రాయడమే, పక్క గడికి ఏమీ కాదు.

పట్టికకు తనవైన జబ్బులూ ఉన్నాయి. అందులో చెడ్డది హద్దు చూడకపోవడం. పై కోడ్‌లో `CJNE`, `JNC` తీసేసినా ఆ పెట్టె నెలల తరబడి బాగానే పనిచేయొచ్చు. తర్వాత ఒకరోజు వేరే ఎడిటింగ్ కంట్రోలర్ తగిలిస్తారు. అది 20 61 81 పంపుతుంది. ఇది ఫుల్ ఈ-ఈ ఆన్, అంటే టేప్ మీది బొమ్మకు బదులు లోపలికి వస్తున్న సిగ్నల్‌నే బయటికి చూపమనే సిసలైన ఆదేశం. చెక్‌సమ్ సరిపోయింది, ప్యారిటీ సరిపోయింది. ఆ రెండూ తీగలో దొర్లిన తప్పులనే పట్టుకుంటాయి, పరిచయం లేని ఆదేశాన్ని పట్టుకోలేవు. హెక్స్ 61 అంటే 97, రెట్టింపు చేస్తే 194. పట్టిక 128 దగ్గరే అయిపోయింది. ప్రోగ్రామ్ ఇంకో 66 బైట్ల అవతల ఏదో ఆదేశం నడుమ పడుతుంది, అక్కడున్నదాన్ని తోచినట్టు నడిపిస్తుంది. బయటికి కనిపించే గుర్తు ఒక్కటే: పాత కంట్రోలర్‌తో ఏ ఇబ్బందీ ఉండదు, కొత్తదానిలో ఒకే మీట నొక్కినప్పుడు పెట్టె బిగుసుకుపోతుంది. కేబుల్‌నీ కనెక్టర్‌నీ అనుమానించి మార్చినా ఫలితం ఉండదు.

రెండోది గడి తప్పడం. 03 తర్వాతి ఖాళీల్లో ఒక `AJMP BAD` రాయడం మరిస్తే కింది గడులన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. స్టాప్, ప్లే, రికార్డ్ చక్కగా పనిచేస్తాయి. ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే మాత్రం 11 గడిలో ఉండాల్సిన జాగ్ పని నడుస్తుంది, రాని డేటా బైట్ కోసం వెతుకుతుంది. చిన్న అంకెల ఆదేశాలు బాగుండి పెద్ద అంకెలవన్నీ ఒక స్థానం తప్పితే చూడాల్సింది పట్టికనే. దీనికి మందు తేలిక: పట్టిక చివర ఒక లేబుల్ పెట్టి, మొదటికీ చివరికీ దూరం సరిగ్గా 128 కాకపోతే అసెంబ్లీ ఆగిపోయేలా రాసుకోవడం. పోలికల వరసలో ఇలాంటి తనిఖీకి వీలే లేదు, ఎందుకంటే అది ఎంత పొడవుండాలో చెప్పే కొలత లేదు.

సీలో స్విచ్ రాస్తే కంపైలరే పట్టిక కడుతుంది కదా, ఈ శ్రమెందుకు అని అడగొచ్చు. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే కడుతుంది, హద్దు కూడా చూస్తుంది. దూరదూరంగా ఉంటే చాలా కంపైలర్లు పట్టిక వదిలి, సగానికి సగం తగ్గిస్తూ వెతికే పోలికల చెట్టు కడతాయి. ముప్పై ఆదేశాలకు ఐదు పోలికలు చాలు, అది మంచి నిర్ణయమే. సోనీ భాషలో ఆదేశాలు గుంపులుగా విడిపోయి ఉండడం వల్ల మొదటి బైట్‌కి ఒక చిన్న పట్టిక, ఒక్కో గుంపుకి విడి పట్టిక పెడితే ఖాళీలు అదుపులో ఉంటాయి. టేప్ పోయినా ఈ భాష పోలేదు. బ్లాక్‌మ్యాజిక్ హైపర్‌డెక్ రికార్డర్లలో చాలావాటి వెనక ఆర్‌ఎస్-422 సాకెట్ ఇప్పటికీ ఉంది. అదే యంత్రం నెట్‌వర్క్ మీద, 9993 పోర్టులో, `play`, `stop` అనే మాటలనే అందుకుంటుంది. అక్కడ ఈ పట్టిక నేరుగా పనికిరాదు. అక్షరాలను పోల్చి మాటను ముందు అంకెగా మార్చుకోవాలి, ఆ వెతుకులాటకు పోలికలు తప్పవు. అంకె చేతికొచ్చాకే దూకే పని మొదలవుతుంది.