ఒక్కసారికే చెల్లే లైసెన్సు

మన క్రోమోజోముల్లో అన్నిటికన్నా పెద్దది ఒకటో నంబరుది. అందులో సుమారు 25 కోట్ల డీఎన్ఏ అక్షరాల జతలున్నాయి. కణం రెండుగా చీలాలంటే ముందుగా ఆ మొత్తానికీ నకలు తీయాలి. నకలు తీసే యంత్రాంగం నిమిషానికి దాదాపు వెయ్యిన్నర జతల వేగంతో నడుస్తుంది. నడిమధ్యన మొదలై రెండు వైపులకూ ఒకేసారి సాగినా, కొసలకు చేరేసరికి దాదాపు రెండు నెలలు గడిచిపోతాయి. మన కణాలేమో ఈ పనంతా ఇంచుమించు ఎనిమిది గంటల్లో ముగిస్తాయి.

అదెలాగంటే, పని ఒక్కచోట కాదు, వేలచోట్ల మొదలవుతుంది. ఒక మనిషి కణంలో ఇలాంటి ఆరంభ స్థానాలు 30 వేల నుంచి 50 వేల దాకా పనిచేస్తాయని అంచనా. చిక్కు కూడా ఇక్కడే పుడుతుంది. ఇవన్నీ ఒకేసారి మొదలుకావు. కొన్ని మొదటి గంటలోనే మేల్కొంటే, కొన్ని ఆరో గంటకు గాని కదలవు. కాబట్టి పని సగంలో ఉన్నప్పుడు చూస్తే, నకలు పూర్తయిన ముక్క పక్కనే ఇంకా మొదలుకాని ముక్క ఉంటుంది. రెండిట్లోనూ అవే అక్షరాలు. ఇక్కడ పని అయిపోయింది, అక్కడ కాలేదు అని కణానికి ఎలా తెలుస్తుంది? పదివేల స్థానాల్లో ఒక్కటి పొరపాటున రెండోసారి మొదలైనా, ఒక్కో విభజనలో మూడు నాలుగు చోట్ల డీఎన్ఏ అదనంగా పెరుగుతుంది. శరీరంలో జరిగే విభజనల సంఖ్యతో చూస్తే అది తట్టుకోగలిగిన తప్పు కాదు.

ఈ ప్రశ్నకు మొదటి గట్టి ఆధారం 1970లో దొరికింది. అమెరికాలో పనిచేస్తున్న పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరు దశల్లో ఉన్న మనిషి కణాలను, చంపేసిన సెండాయ్ వైరస్ సాయంతో ఒకదానితో ఒకటి కలిపేశారు. అలా కలిపితే ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు పక్కపక్కన కాపురం చేస్తాయి. నకలు తీసే దశను ఎస్ దశ అంటారు. దానికి ముందుది జీ1, తర్వాతది జీ2. జీ1 కేంద్రకాన్ని ఎస్ దశ కణంతో కలిపితే, అది తన వేళ రాకముందే నకలు మొదలుపెట్టింది. ఎస్ దశ కణద్రవ్యంలో ‘మొదలుపెట్టు’ అని చెప్పే పదార్థమేదో ఉందన్నమాట. తర్వాత జీ2 కేంద్రకాన్ని అదే ఎస్ దశ కణంతో కలిపారు. పక్క కేంద్రకంలో నకలు యథాప్రకారం సాగుతూనే ఉంది. జీ2 కేంద్రకం మాత్రం కదల్లేదు.

ఇద్దరికీ అందే ఆదేశం ఒకటే, ఒకరు పాటించారు, ఒకరు పాటించలేదు. కాబట్టి తేడా ఆదేశంలో లేదు, కేంద్రకంలోనే ఉంది. జీ1 కేంద్రకం దగ్గర ఉన్నదేదో జీ2 కేంద్రకం దగ్గర లేదు. అదేమిటో తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది.

మధ్యలో కథ కప్ప గుడ్ల మీదుగా నడిచింది. జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప గుడ్లను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి రసం తీస్తే, ఆ రసం గాజు గొట్టంలో కూడా కణంలాగే ప్రవర్తిస్తుంది. కప్ప వీర్యకణాల కేంద్రకాలను అందులో వేస్తే చుట్టూ పొర కట్టుకుని, డీఎన్ఏకు నకలు తీసి ఊరుకుంటాయి. 1988లో కేంబ్రిడ్జ్‌లో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ ఈ రసంతో ఒక ప్రయోగం చేశారు. కొత్తగా తయారయ్యే పోగును గుర్తుపట్టడానికి రసంలో బ్రోమిన్ ఉన్న బరువైన డీఎన్ఏ అక్షరాన్ని కలిపారు. ఒక్కసారి నకలైతే ప్రతి జంటలో ఒక పోగు బరువుగా, ఒకటి తేలికగా ఉంటుంది. రెండోసారి కూడా అయితే, రెండు పోగులూ బరువైన జంటలు కనిపించాలి. సాంద్రతను బట్టి వీటిని విడదీయవచ్చు.

నకలు పూర్తయిన కేంద్రకాలను తీసి తాజా రసంలో వేశారు. రెండోసారి మొదలుకాలేదు. కేంద్రకం చుట్టూ ఉన్న పొరకు రసాయనంతో చిల్లులు పొడిచి వేస్తే మాత్రం మొదలైంది. కణ విభజన దశ గుండా పంపినా మొదలైంది. విభజనలో ఆ పొర తనంతట తానే కరిగిపోతుంది. దీన్నిబట్టి వాళ్లు చెప్పింది ఇది: డీఎన్ఏకు నకలు మొదలుపెట్టే అర్హత ఇచ్చే ‘లైసెన్సింగ్ కారకం’ ఒకటుంది. అది డీఎన్ఏకు అంటుకుంటుంది, నకలు జరగడంతోనే ఖర్చయిపోతుంది. బయట మిగిలినది పొర దాటి లోపలికి రాలేదు. తర్వాతి విభజనలో పొర కరిగితేనే కొత్త లైసెన్సు.

ఈ ఊహలో సగం అచ్చంగా నిజమైంది. పొర గురించిన మిగతా సగం అంత బాగా నిలవలేదు. ఈస్ట్ కణాల్లో విభజన సమయంలో కేంద్రకపు పొర కరగనే కరగదు. అయినా అవి కూడా ఒక్కసారి నియమాన్ని అంతే కచ్చితంగా పాటిస్తాయి. అంటే అడ్డుగోడ పొర మాత్రమే కాదు.

డీఎన్ఏకు అంటుకునే ఆ వస్తువు 1995లో బయటపడింది. దాని పేరు ఎంసీఎం. ఇది అప్పటికే ఈస్ట్‌లో, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బిక్ టై బృందం 1984లో వెలికితీసిన ప్రొటీన్ల కుటుంబం. ఆరు ప్రొటీన్లు కలిసి ఒక ఉంగరమవుతాయి. ఆరంభ స్థానంలో ఓఆర్‌సీ అనే గుంపు కూర్చుని ఉంటుంది. అది సీడీసీ6, సీడీటీ1 అనే ఇద్దరు సహాయకులతో కలిసి రెండు ఎంసీఎం ఉంగరాలను ఎదురెదురుగా డీఎన్ఏ తాడుకు తొడుగుతుంది. ఈ తొడగడమే లైసెన్సింగ్. అప్పటికి ఉంగరాలు కదలవు, తాడును విప్పవు, ఊరికే కూర్చుంటాయి.

ఎస్ దశ రాగానే సీడీకే, డీడీకే అనే రెండు ఎంజైములు వాటిని కదిలిస్తాయి. మరికొన్ని ప్రొటీన్లు వచ్చి అతుక్కుంటాయి. ఒక్కో ఉంగరం జంట పోగుల్లో ఒకదాన్ని బయటికి వదిలేసి, రెండోదాన్ని చుట్టుకుని, తాడును విప్పుకుంటూ వెళ్లిపోతుంది. ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు. ఇక్కడే బ్లో, లాస్కీల ఊహలో మంచి సగం కళ్లకు కడుతుంది. లైసెన్సు అంటే విడిగా ఒక ముద్ర కాదు, నకలు యంత్రంలోని ఇంజనే లైసెన్సు. పని మొదలైతే అది ఆ చోటు విడిచి వెళ్లిపోతుంది. మొదలుకాకుండా మిగిలిన ఉంగరాలను కూడా, పక్క నుంచి వచ్చే యంత్రం దాటుతూ ఊడ్చేస్తుంది. నకలు పూర్తయిన డీఎన్ఏ మీద ఎంసీఎం ఉండదు. రావు, జాన్సన్‌ల జీ2 కేంద్రకంలో లేనిది ఇదే.

మరి ఖాళీ అయిన చోట ఓఆర్‌సీ కొత్త ఉంగరాలను ఎందుకు తొడగదు? జవాబు సీడీకే దగ్గరే ఉంది. ఉంగరాలను కదిలించే ఈ ఎంజైమే, కొత్తవి తొడిగే పనిని ఆపేస్తుంది కూడా. షో మొదలుపెట్టే ముందు టికెట్ కౌంటర్ మూసి, ఆ తర్వాతే గేటు తెరిచే సినిమా హాలు లాంటిది ఇది. కౌంటరూ గేటూ ఒకే తాళంచెవితో పనిచేస్తాయి, రెండూ ఒకేసారి తెరుచుకునే వీలు లేదు. జీ1లో సీడీకే తక్కువ, అప్పుడు తొడగవచ్చు గాని కదిలించలేం. ఎస్ దశ నుంచి విభజన దాకా సీడీకే ఎక్కువ, అప్పుడు కదిలించవచ్చు గాని తొడగలేం. విభజన చివర సీడీకేకు తోడుండే సైక్లిన్లు నాశనమయ్యాక మళ్లీ తొడిగే కాలం వస్తుంది.

జంతు కణాల్లో మరో రెండు కాపలాలున్నాయి. ఒకటి, 1998లో కనుగొన్న జెమినిన్ అనే ప్రొటీన్. ఇది ఎస్ దశలో పెరిగి, సీడీటీ1ను పట్టుకుని పని చేయనివ్వదు. రెండోది నాకు అన్నిటికన్నా తెలివైనదిగా అనిపిస్తుంది. నకలు యంత్రంతో పాటు డీఎన్ఏ మీద జారే పీసీఎన్ఏ అనే వలయం ఉంటుంది. సీడీటీ1 వెళ్లి దానికి తగులుకుంటే చాలు, కణం దానికి నాశనపు గుర్తు వేసి ముక్కలు చేసేస్తుంది. నకలు జరుగుతోందన్న సంగతే లైసెన్సు ఇచ్చే ప్రొటీన్‌కు చావు కబురు.

ఇన్ని కాపలాలు అవసరమా అనే సందేహాన్ని 2001లో ఈస్ట్ మీద పరీక్షించారు. ఓఆర్‌సీ, సీడీసీ6, ఎంసీఎం మూడింటినీ సీడీకే వేర్వేరు దారుల్లో అడ్డుకుంటుంది. ఒక అడ్డు తీస్తే ఏమీ కాలేదు. మూడూ కలిపి తీసినప్పుడే స్పష్టంగా రెండో నకలు మొదలైంది. అప్పుడు కూడా మొత్తం జినోమ్ రెట్టింపు కాలేదు, కొన్ని చోట్ల మాత్రమే పెరిగి కణాలు ఆగిపోయాయి.

రెండోసారి నకలు మొదలైతే జరిగే కీడు డీఎన్ఏ ఎక్కువవడంతో ఆగదు. అదే దారిలో వెనక బయలుదేరిన యంత్రం ముందున్నదాన్ని తరుముకుంటూ వెళుతుంది. ముందుది ఎక్కడైనా ఆగితే వెనకది దాని వెనక భాగానికి గుద్దుకుని, డీఎన్ఏ రెండు పోగులూ తెగిపోతాయి. పెవోనెడిస్టాట్ అనే మందుతో ఇది ప్రయోగశాలలో కనిపించింది. అది సీడీటీ1 నాశనాన్ని అడ్డుకుంటుంది. సీడీటీ1 పేరుకుపోయిన క్యాన్సర్ కణాలు మళ్లీ మళ్లీ నకలు తీసి, తెగిన డీఎన్ఏతో చచ్చిపోయాయి. రక్త క్యాన్సర్ల రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం ఆ మందు ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు.

దీన్ని గుర్తుపట్టడానికి కణాల డీఎన్ఏకు రంగు వేసి, ఒక్కొక్కదాన్నీ లేజర్ ముందు నుంచి పంపుతారు. మామూలు కణాలు రెండు గుట్టలుగా కనిపిస్తాయి: నకలుకు ముందువి, దానికి రెట్టింపు ఉన్న నకలు తర్వాతవి. రెట్టింపు దాటి ఉన్నవన్నీ ఒక్కటే అనుకుంటే పొరబడతాం. కణం విభజన మానేసి మొత్తం జినోమ్‌ను ఇంకోసారి సక్రమంగా నకలు తీస్తే, నాలుగు రెట్ల దగ్గర కొనదేలిన గుట్ట వస్తుంది. లైసెన్సు నియమం తప్పిన కణాలైతే రెండు రెట్లకూ నాలుగు రెట్లకూ మధ్య చెదిరి పరుచుకుంటాయి, ఎందుకంటే ఒక్కో కణంలో ఒక్కో మేర మాత్రమే పెరుగుతుంది.

ఈ కట్టుబాటుకు కణం చెల్లించే మూల్యం ఒకటుంది. ఎస్ దశ మొదలయ్యాక కొత్త లైసెన్సు పుట్టదు కాబట్టి, మధ్యలో రెండు యంత్రాలు ఎదురెదురుగా వస్తూ రెండూ ఆగిపోతే, వాటి మధ్య ముక్కకు దిక్కు ఉండదు. అందుకే జీ1లోనే అవసరానికి మించి ఎన్నో రెట్లు ఉంగరాలను తొడిగి పెట్టుకుంటుంది. చాలావరకు అవి నిద్రలోనే ఉండి ఊడ్చుకుపోతాయి. ప్రయోగశాలలో మనిషి కణాల్లో ఎంసీఎంను బాగా తగ్గించినా మామూలుగానే విభజన చెందాయి. నకలు యంత్రాన్ని నెమ్మదింపజేసే హైడ్రాక్సీయూరియా వేసినప్పుడు మాత్రం నిలవలేకపోయాయి. నిద్రలో ఉన్న ఉంగరాల విలువ అప్పుడు తెలిసింది.

పుట్టుకతోనే లైసెన్సింగ్ మందగించిన మనుషులూ ఉన్నారు. ఓఆర్‌సీలోని భాగాల్లో, సీడీటీ1లో, సీడీసీ6లో మార్పులున్న పిల్లలకు మేయర్-గోర్లిన్ సిండ్రోమ్ వస్తుందని 2011లో తేలింది. వీళ్ల ప్రొటీన్లు పూర్తిగా చెడినవి కావు, పూర్తిగా చెడితే పిండమే నిలవదు. కొంచెం బలహీనమైనవి. దాంతో ఎత్తు తక్కువ, చెవులు చాలా చిన్నవి, మోకాలి చిప్పలు చిన్నవిగా ఉంటాయి లేదా అసలే ఉండవు. శరీరంలోని ప్రతి కణానికీ కావలసిన ప్రొటీన్ బలహీనపడితే దెబ్బ ప్రత్యేకించి మోకాలి చిప్పలకే ఎందుకు తగలాలన్నది పరిశోధకులు ఇప్పటికీ తేల్చని ప్రశ్న.