పద్దు దిద్దొద్దు, ఇంకోటి రాయండి

గత సెమిస్టర్‌లో మా హాస్టల్ క్యాంటీన్ కోసం నేనో చిన్న వాలెట్ యాప్ రాశాను. ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస, అందులో `balance` అని ఒక గడి. దోశ తింటే తీసెయ్యాలి, డబ్బు వేస్తే కలపాలి. అంతే కదా అనుకున్నా!

మూడో వారంలో క్యాంటీన్ అన్న పిలిచి, "తమ్ముడూ, నీ యాప్ లెక్క నా బిల్లుల కంటే తక్కువొస్తోంది" అన్నాడు. ఆయన బిల్లుల కట్ట ముందేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. మా రూమ్మేట్ వాలెట్‌లో 200 ఉన్నప్పుడు దోశ (40), టీ (15) బిల్లులు రెండు కౌంటర్ల నుంచి ఒకే క్షణంలో వచ్చాయి. రెండూ 200 అనే చదివాయి. ఒకటి 160 అని రాసింది, దాని మీద రెండోది 185 అని రాసేసింది. దోశ డబ్బు గాల్లో కలిసింది. ఆ గడిలో ఆఖరి అంకె తప్ప ఇంకేమీ మిగలదు కాబట్టి, ఎక్కడ పోయిందో యాప్ చెప్పలేదు.

మా తాతయ్య కొట్టు చిట్టాలో పద్దు తప్పు పడితే చెరిపేవారు కాదు, కింద ఇంకో పద్దు రాసేవారు. నేనూ అదే పద్ధతికి మారాను. `balance` గడి తీసేశాను. డబ్బు కదిలిన ప్రతిసారీ రెండు పద్దులు: వెళ్లిన చోట మైనస్, చేరిన చోట ప్లస్. మొత్తం పైసల్లో, పూర్ణాంకాలుగా.

```
T1  upi_in     -20000
T1  wallet_17  +20000
T2  wallet_17   -4000
T2  canteen     +4000
```

ఒక లావాదేవీలోని పద్దులు కూడితే సున్నా రాకపోతే డేటాబేస్‌లోకి వెళ్లనివ్వను. నిల్వ కావాలంటే `wallet_17` పద్దులన్నీ కూడటమే: 16000, అంటే 160 రూపాయలు. `upi_in` ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. బయటి నుంచి లోపలికి ఎంత వచ్చిందో అదే చెప్తుంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవచ్చు.

కౌంటర్‌లో 40కి బదులు 400 కొట్టారనుకోండి. పాత పద్దును ముట్టుకోను. అదే 400ని తిరగేసి ఒక లావాదేవీ, సరైన 40తో ఇంకోటి రాస్తాను. రేపు ఎవరైనా అడిగితే తప్పూ, దిద్దుబాటూ రెండూ కనిపిస్తాయి.

అయితే రెండు కంతలు ఈ పద్ధతి పూడ్చదు. నిల్వ 50 ఉన్నప్పుడు రెండు 40 బిల్లులు ఒకేసారి వస్తే, రెండూ కూడి చూసుకుని సరేననుకుంటాయి, నిల్వ మైనస్‌లోకి పోతుంది. అందుకే కూడే ముందు ఆ ఖాతా వరుసను `SELECT ... FOR UPDATE`తో పట్టుకుని, పద్దులు రాశాకే వదలాలి. రెండోది, నెట్ స్లో అయ్యి బటన్ రెండుసార్లు నొక్కితే రెండు లావాదేవీలూ చక్కగా సున్నాకే వస్తాయి, దోశ మాత్రం ఒకటే. దీనికి ప్రతి బిల్లుకీ ఫోన్‌లోనే ఒక నంబర్ పుట్టించి, ఆ గడికి `UNIQUE` పెట్టాను. రెండోసారి వచ్చిన అదే నంబర్‌ను డేటాబేస్ తిప్పి పంపేస్తుంది.