గేట్‌వేలో ఆగిన ఫిత్రా సొమ్ము: మేము రాసిన ఉత్తరం, వచ్చిన జవాబు



గత రంజాన్‌లో ఇరవై నాలుగో రోజా నాడు మన సొసైటీ బ్యాంకు ఖాతాలో పడాల్సిన ఆన్‌లైన్ విరాళాలు పడలేదు. పేమెంట్ గేట్‌వే డాష్‌బోర్డులో ‘సెటిల్‌మెంట్ సమీక్షలో ఉంది’ అన్న ఒక్క వాక్యమే కనిపించింది. ఆగిన మొత్తం 1,86,400 రూపాయలు. అందులో ఎక్కువ భాగం ఫిత్రా. ఫిత్రా పండుగ నమాజుకు ముందే పేదలకు చేరాలి. అప్పటికి చేతిలో వారం రోజులు కూడా లేవు. మీ అమానతు ఎక్కడ ఆగింది, దాన్ని ఎలా రాబట్టాం అన్నది మీకు చెప్పడం మా బాధ్యత.

ముందుగా ఆ డబ్బు ఎక్కడ ఉంటుందో చెబుతాం. మీరు మన వెబ్ పేజీలో చెల్లించిన సొమ్ము నేరుగా సొసైటీ ఖాతాకు రాదు. గేట్‌వే సంస్థ దాన్ని ఒక బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచి, ఒప్పందంలోని గడువు ప్రకారం మనకు పంపుతుంది. దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ సొమ్మును సంస్థ తన సొంత డబ్బుతో కలపకూడదు. కాబట్టి ఆగిన సొమ్ము పోయినట్టు కాదు. అయితే అనుమానం వస్తే విచారించే వరకు ఆపే హక్కు మనం సంతకం చేసిన ఒప్పందంలోనే ఉంది.

అనుమానం ఎందుకు వచ్చింది? మామూలు నెలల్లో మనకు ముప్పై, నలభై చెల్లింపులు వస్తాయి. ఆ వారంలో 412 వచ్చాయి. తలకు 100 రూపాయల చొప్పున ఫిత్రా చెప్పాం గనుక చాలావరకు 300, 500 లాంటి చిన్న మొత్తాలే. అవి కూడా తరావీహ్ తర్వాత రెండు మూడు గంటల్లోనే వరసగా వచ్చాయి. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి మోసగాళ్లు విరాళాల పేజీల్లో చిన్న మొత్తాలు కట్టి చూస్తుంటారు. రంజాన్ గురించి తెలియని పరిశీలకుడికి మన ఫిత్రా రాత్రి కూడా అలాగే కనిపిస్తుంది. దీనికి తోడు మన తప్పు ఒకటి ఉంది. ఖాతా తెరిచినప్పుడు స్కాలర్‌షిప్పుల కోసమని ‘విద్యా సేవలు’ అని రాశాం. ఫిత్రా పేజీ కొత్తగా పెట్టిన సంగతి గేట్‌వేకు తెలియజేయలేదు.

ఆ సాయంత్రం కంగారులో మేము పంపిన మొదటి ఈమెయిలు నాలుగు వాక్యాలే. పేదల డబ్బు ఆపారు, పండుగ దగ్గరకొచ్చింది, వెంటనే వదలండి అని రాశాం. యంత్రం పంపే రసీదు తప్ప జవాబు రాలేదు. పరిశీలకుడికి కావలసిన సమాచారం అందులో ఏదీ లేదు. ఏ ఖాతా, ఏ సెటిల్‌మెంటు అన్నది కూడా రాయలేదు.

మర్నాడు మా కోశాధికారి గారు, ఆడిటరు గారు కూర్చుని రెండో ఉత్తరం తయారు చేశారు. మొదటి పేరాలో మర్చంట్ ఐడీ, సెటిల్‌మెంట్ నంబరు, ఆగిన తేదీ, మొత్తం, పాత ఫిర్యాదు నంబరు పెట్టారు. రెండో పేరాలో ఫిత్రా అంటే ఏమిటి, ఈ వారంలోనే ఎందుకు వస్తుంది, చిన్న మొత్తాలు ఎందుకు అన్నది ఐదు వాక్యాల్లో చెప్పారు. గత ఏడాది ఇదే వారంలో సొసైటీ ఖాతాకు నేరుగా వచ్చిన ఫిత్రా జమలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు జోడించారు. పరిశీలకుడి సందేహానికి అసలు జవాబు అదే. ‘విద్యా సేవలు’ అన్నది మా పొరపాటని ఒప్పుకుని, దాన్ని మార్చమని కోరారు.

తర్వాత జోడించిన పత్రాలను వరస నంబర్లతో రాశారు:

1. సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, సొసైటీ పాన్ కార్డు.
2. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ, 80జీ ఉత్తర్వులు.
3. సంతకం చేసే వ్యక్తికి అధికారం ఇచ్చిన కమిటీ తీర్మానం.
4. రద్దు చేసిన చెక్కు.
5. గత ఏడాది ఆడిట్ అయిన లెక్కలు.
6. 412 చెల్లింపుల పట్టిక: తేదీ, పేమెంట్ ఐడీ, మొత్తం, మన రసీదు నంబరు.

పట్టికలో మీ ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు ఇవ్వలేదు. మీ కార్డు నంబర్లు మన దగ్గర అసలు ఉండవు. అలాంటివి ఎవరు అడిగినా ఇవ్వకూడదు.

చివరి పేరా గడువు గురించి. ‘వెంటనే’ అన్న మాట తీసేసి నాలుగు ప్రశ్నలు అడిగాం. సమీక్ష ఏ దశలో ఉంది? ఇంకా ఏ పత్రం కావాలి? నిర్ణయం ఏ తేదీకి వస్తుంది? 371 యూపీఐ చెల్లింపుల 1,21,900 రూపాయలకు కార్డు మోసం అనుమానం వర్తించదు గనుక, ఆ భాగాన్ని ముందుగా వదలగలరా? రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే నోడల్ అధికారికి రాస్తామని మర్యాదగానే చెప్పాం. ఫిర్యాదుల కోసం అలాంటి అధికారిని నియమించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ వివరాలు గేట్‌వే వెబ్‌సైట్లోనే దొరికాయి.

ఈసారి మర్నాడే ఒక మనిషి నుంచి జవాబు వచ్చింది. రెండు విషయాలు అడిగారు. చెక్కు మీద సొసైటీ పేరు కుదించి ఉంది, సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది, రెండూ ఒకటేనని బ్యాంకు లేఖ కావాలన్నారు. విదేశాల్లో జారీ అయిన కార్డులతో వచ్చిన మూడు చెల్లింపుల గురించి వివరణ అడిగారు. ఆ మూడూ కలిపి 17,000 రూపాయలు. మనకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు గనుక విదేశీ పౌరుల విరాళం తీసుకోకూడదు. గల్ఫ్‌లో పనిచేస్తున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఇద్దరు సోదరులు తమ అనుమతితో పాస్‌పోర్టు నకళ్లు పంపారు. మూడో దాత విదేశీ పౌరసత్వం తీసుకున్నారు. వారి 5,000 రూపాయలు తిరిగి పంపమని మేమే గేట్‌వేకు రాశాం.

పండుగ మాత్రం ఆగదు కదా. ఆలిమ్ గారి సలహా అడిగి, కమిటీ సభ్యులు కొందరు సొసైటీకి ఖర్జె హసనా ఇచ్చారు. అల్‌హందులిల్లాహ్, ఫిత్రా నమాజుకు ముందే చేరింది. యూపీఐ భాగం పండుగ తర్వాత మూడో రోజున ఖాతాలో పడింది. మిగిలింది మరో పదహారు రోజులకు వచ్చింది. వారి అప్పు తీర్చాం.

ఇప్పుడు రంజాన్‌కు పదిహేను రోజుల ముందే అంచనా మొత్తం, పేజీ చిరునామా గేట్‌వేకు రాసి పంపుతున్నాం. మీ వైపు నుంచి రెండు విన్నపాలు. విదేశీ పౌరసత్వం ఉన్నవారు ఆన్‌లైన్‌లో చెల్లించే ముందు మాతో మాట్లాడండి. మీ కార్డు బిల్లులో తెలియని పేరు కనబడితే బ్యాంకులో ఫిర్యాదు పెట్టేముందు మాకు ఒక్క ఫోను చేయండి. కొన్నిసార్లు మన పేరుకు బదులు గేట్‌వే పేరు అచ్చవుతుంది. అలాంటి ఫిర్యాదులు కొన్ని చేరినా తర్వాతి సెటిల్‌మెంటు మళ్లీ సమీక్షకు వెళ్లవచ్చు.